‘సరుకు అందలేదు’ అన్న ఛార్జ్‌బ్యాక్‌కు ఒక బరంపురం పట్టుచీరల దుకాణం జవాబు

బరంపురంలో రెండు తరాలుగా పట్టుచీరలు అమ్ముతున్న ఒక తెలుగు కుటుంబానికి ఏప్రిల్ 21న, దుకాణం తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వే నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఫిబ్రవరి 11న హైదరాబాదు నుంచి ఒక కొనుగోలుదారు దుకాణం వెబ్‌సైటులో క్రెడిట్ కార్డుతో చెల్లించిన 31,200 రూపాయల మీద ఛార్జ్‌బ్యాక్, అంటే చెల్లించిన సొమ్మును బ్యాంకు ద్వారా వెనక్కి కోరే దావా, నమోదైందనీ, ఆ మొత్తాన్ని దుకాణానికి జమ కావలసిన సొమ్ములోంచి అప్పుడే తగ్గించామనీ, ఒప్పుకోకపోతే ఏప్రిల్ 28 లోగా ఆధారాలు పంపాలనీ ఆ మెయిల్ సారాంశం. ఆ దుకాణం లెక్కలు నేను రాస్తాను కనుక జవాబు తయారు చేసే పని నా మీద పడింది. ఇలాంటి జవాబు ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ కూలిపోతుంది అన్నది ఈ ఒక్క కేసులోనే దాదాపు పూర్తిగా కనిపిస్తుంది కాబట్టి దాన్నే వివరంగా చెబుతాను.

ముందుగా ఈ జవాబు ఎవరికి రాస్తున్నామో తెలుసుకోవాలి. కార్డుదారు ఫిర్యాదు చేసేది తనకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు. ఆ బ్యాంకు కార్డు నెట్‌వర్కు ద్వారా, అంటే ఈ కేసులో వీసా ద్వారా, వ్యాపారి తరఫున సొమ్ము వసూలు చేసిన బ్యాంకు మీద దావా వేస్తుంది. ఈ రెండో బ్యాంకునే ఎక్వైరింగ్ బ్యాంకు అంటారు. అది సొమ్మును గేట్‌వే ఖాతాలోంచి, గేట్‌వే వ్యాపారి ఖాతాలోంచి తగ్గించుకుంటాయి. మనం రాసే జవాబు గేట్‌వే చేతుల మీదుగా ఎక్వైరింగ్ బ్యాంకుకు చేరుతుంది గాని తీర్పు చెప్పేది ఆ బ్యాంకు కాదు. అది మన కాగితాలను పరిశీలించి, పనికొస్తాయనుకుంటే నెట్‌వర్కు ద్వారా కార్డు ఇచ్చిన బ్యాంకుకు పంపుతుంది. అక్కడ ఒక ఉద్యోగి, మన ఊరు చూడని మనిషి, మన దుకాణం పేరు ఎన్నడూ వినని మనిషి, తన ముందున్న కార్డుదారు ఫిర్యాదునూ మన కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ప్రతి వాక్యమూ ఆ మనిషి కోసమే రాయాలి.

గడువు విషయంలో చాలామంది పొరబడతారు. వీసా నిబంధనల ప్రకారం ఎక్వైరింగ్ బ్యాంకుకు జవాబివ్వడానికి 30 రోజులు ఉంటాయి. ఆ 30 రోజుల్లోనే బ్యాంకు పరిశీలన, గేట్‌వే పరిశీలన, లోపాలుంటే మళ్లీ అడగడం అన్నీ జరగాలి గనుక వ్యాపారికి మిగిలేది అందులో కొంత భాగమే. మాకు మిగిలింది 7 రోజులు. కార్డుదారు వైపు గడువు ఇంతకంటే చాలా పెద్దది. సరుకు అందుతుందని చెప్పిన చివరి తేదీ నుంచి 120 రోజుల దాకా ‘అందలేదు’ అన్న దావా వేయవచ్చు. అంటే ఫిబ్రవరిలో పంపిన చీర గురించి జూన్‌లో ప్రశ్న రావచ్చు. అప్పటికి కొరియర్ ట్రాకింగ్ పేజీలో ఆ నంబరు కనబడకుండా పోయి ఉండవచ్చు. డెలివరీ రుజువును ఫిర్యాదు వచ్చాక వెతుక్కోవడం కాక, సరుకు చేరిన వారంలోనే తీసి దాచుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక మెయిల్‌లో అన్నిటికంటే ముఖ్యమైన అంశం, ఫిర్యాదుకు కారణాన్ని అంకెల్లో చెప్పే సంకేతం. మా మెయిల్‌లో ఉన్నది 13.1. వీసాలో 13.1 అంటే సరుకు గాని సేవ గాని అందలేదని అర్థం. 13.3 అంటే వచ్చిన సరుకు చెప్పినట్టు లేదని, 10.4 అంటే ఆన్‌లైన్‌లో కార్డును ఎవరో దొంగతనంగా వాడారని. మాస్టర్‌కార్డ్‌లో మొదటి రెండు రకాల ఫిర్యాదులూ 4853 అన్న ఒకే సంఖ్య కిందికి వస్తాయి గనుక అక్కడ వివరణ పాఠాన్ని కూడా చదవాలి. ఈ కారణాలలో ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్న. ఒక ప్రశ్నకు సరిపోయే ఆధారం మరో ప్రశ్నకు ఎందుకూ కొరగాదు.

దుకాణం యజమాని తాను స్వయంగా రాసిన మొదటి చిత్తుప్రతిని నా చేతిలో పెట్టినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపించింది. నాలుగు పేజీల ఆ ఉత్తరంలో మూడు పేజీలు ఓటీపీ గురించే ఉన్నాయి. “ఓటీపీ ఆమె ఫోనుకే వచ్చింది, ఆమే కొట్టింది, ఇంక కాదనడానికి ఏముంది బాబూ?” అని ఆయన అడిగారు. అడగడంలో తప్పు లేదు. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రిజర్వు బ్యాంకు 2009 నుంచి రెండో అంచె ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. ఆ ధ్రువీకరణ సక్రమంగా జరిగిన చెల్లింపు మీద ‘నా కార్డును ఎవరో వాడారు’ అన్న 10.4 రకం దావా వస్తే నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకుదే అవుతుంది, వ్యాపారిది కాదు. అయితే ఇక్కడ కొనుగోలుదారు తాను చెల్లించలేదని అనడం లేదు. చెల్లించాను, చీరలు రాలేదు అంటున్నారు. ఓటీపీ చెల్లించిన మనిషి ఎవరో చెబుతుంది గాని పార్శిల్ ఎవరి చేతికి వెళ్లిందో చెప్పదు. ఆ మూడు పేజీలనూ ఒక వాక్యానికి కుదించాము. మిగిలిన పేజీలో కుటుంబ గౌరవం గురించీ బరంపురం పట్టుకు ఉన్న భౌగోళిక గుర్తింపు గురించీ రాసిన మాటలు నిజమైనవే అయినా, అవి ఈ ప్రశ్నకు జవాబు కావు గనుక తీసేశాము.

లావాదేవీ రికార్డుల పని ఈ జవాబులో చిన్నది, కాని అది లేకపోతే మిగతాది నిలవదు. ఫిర్యాదులో ఉన్న చెల్లింపూ, మన బిల్లులో ఉన్న ఆర్డరూ, కొరియర్ తీసుకెళ్లిన పార్శిలూ ఒకే లావాదేవీకి చెందినవని చూపించడమే దాని పని. ఇందుకు నాలుగు వివరాలు సరిపోయాయి: గేట్‌వే మెయిల్‌లో ఇచ్చిన, బ్యాంకుల మధ్య ఆ లావాదేవీని గుర్తించే 23 అంకెల ఏఆర్ఎన్ నంబరు, చెల్లింపు ఆమోదం పొందినప్పుడు వచ్చిన ఆరక్షరాల ఆథరైజేషన్ కోడ్, కార్డు చివరి నాలుగు అంకెలు, మన ఆర్డరు నంబరు. పూర్తి కార్డు నంబరు మన దగ్గర ఉండకూడదు. 2022 అక్టోబరు నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం లావాదేవీని గుర్తుపట్టడానికి వ్యాపారి చివరి నాలుగు అంకెలనూ, కార్డు ఇచ్చిన సంస్థ పేరునూ మాత్రమే నిలువ ఉంచుకోవచ్చు. ఫోనులో ఆర్డరు తీసుకున్నప్పుడు కార్డు ఫొటో పంపమని అడిగి దాన్నే ఆధారంగా జత చేసే దుకాణాలను నేను చూశాను. అది ఆధారం కాదు, మరో ఉల్లంఘన.

ఈ దశలో మా ఊరికే ప్రత్యేకమైన ఒక చిక్కు ఎదురైంది. బిల్లు మీద ఊరి పేరు బ్రహ్మపుర్ అని, గేట్‌వే రికార్డులో బెర్హంపూర్ అని ఉన్నాయి. కొరియర్ ట్రాకింగ్‌లో పార్శిల్ బయలుదేరిన చోటు బెర్హంపోర్ అని పడింది. పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరును ఇంగ్లీషులో అలాగే రాస్తారు. బ్యాంకు ఉద్యోగికి ఇవి రెండు వేర్వేరు ఊళ్ల నుంచి వెళ్లిన రెండు వేర్వేరు పార్శిళ్లలా కనిపించే ప్రమాదం ఉంది. ముర్షిదాబాద్ వైపు పిన్‌కోడ్లు 742తో, మా ఊరి పిన్‌కోడ్లు 760తో మొదలవుతాయి. అందుకని బుకింగ్ రసీదులో 760తో మొదలయ్యే పిన్‌కోడ్‌ను గీత గీసి చూపించి, ఊరి పేరు మూడు రకాలుగా కనబడటానికి కారణం రెండు వాక్యాల్లో రాశాము. ఒడియా లిపిలో ఉన్న కొరియర్ శాఖ ముద్రకూ, తెలుగులో సాగిన వాట్సాప్ సంభాషణకూ పక్కనే ఇంగ్లీషు అనువాదం ఇచ్చాము. తాను చదవలేని కాగితాన్ని బ్యాంకు ఉద్యోగి అసలు లేనట్టే లెక్కవేస్తారు.

అసలు విషయం డెలివరీ. 31,200 రూపాయలు ఒకే చెల్లింపు అయినా చీరలు రెండు, పార్శిళ్లు కూడా రెండు. 16,800 రూపాయల కుంభం అంచు చీర సిద్ధంగా ఉండటంతో ఫిబ్రవరి 12న బయలుదేరింది. 14,400 రూపాయల రెండో చీర మగ్గం మీద ఉండటంతో ఫిబ్రవరి 26న బయలుదేరింది. ఈ సంగతి కొనుగోలుదారుకు ముందే చెప్పారు, ఆమె ఒప్పుకున్నారు. ఫిర్యాదు మాత్రం మొత్తం సొమ్ము మీద వచ్చింది. యజమాని దగ్గర రెండు పార్శిళ్లకూ ఉన్నది మన వెబ్‌సైటులో ‘డెలివరీ అయింది’ అని కనబడే పేజీ ఒక్కటే. దాన్ని మనమే మార్చగలం గనుక అది మన మాటే అవుతుంది, రుజువు కాదు. కొరియర్ సంస్థ ఇచ్చే డెలివరీ రుజువు, అంటే సరుకు అందుకున్న వారి పేరు, సంతకం, చిరునామా, పిన్‌కోడ్, తేదీ, సమయం ఉన్న కాగితం వేరు. దాన్ని అడిగి తెప్పించడానికి మాకున్న 7 రోజుల్లో 2 రోజులు పోయాయి.

మొదటి పార్శిల్ రుజువులో ఫిబ్రవరి 17, ఉదయం 11.20, ఆర్డరులో ఉన్న పిన్‌కోడే, అపార్ట్‌మెంటు పేరు అన్నీ ఉన్నాయి. సంతకం మాత్రం కొనుగోలుదారుది కాదు, కాపలాదారుది. చాలా జవాబులు ఈ చోటే ఓడిపోతాయి. సరుకు అందిందనిపించుకోవాలంటే అది కార్డుదారుకు గాని, ఆమె అనుమతించిన వ్యక్తికి గాని, ఒప్పుకున్న చోట అందాలి. కాపలాదారుకు ఇచ్చామని చెబితే చాలదు. ఆయనకు ఇమ్మని ఆమె చెప్పినట్టు కూడా చూపించాలి. అదృష్టవశాత్తు ఫిబ్రవరి 15 నాటి సందేశం ఉంది: “మేం పగలు ఇంట్లో ఉండం, గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చెయ్యమనండి.” అంతకంటే బలమైనది ఫిబ్రవరి 19 నాటి సందేశం. జాకెట్ ముక్క పొడవు తక్కువగా ఉందని, మోచేతుల దాకా చేతులు కుట్టడానికి చాలదని టైలరు అన్నాడని ఆమె రాశారు. చీర చేతికి రాకుండా జాకెట్ ముక్క టైలరు దగ్గరికి వెళ్లదు. ఈ రెండు సందేశాలూ వచ్చిన ఫోను నంబరే ఆర్డరులోనూ, కొరియర్ లేబుల్ మీదా ఉన్నదని చూపించాక వాటికి విలువ వచ్చింది. అది చూపించకపోతే అవి ఎవరివో తెలియని మాటలుగా మిగిలిపోయేవి.

రెండో పార్శిల్ కథ వేరు. దాన్ని కూడా కొరియర్ సంస్థ మార్చి 3న డెలివరీ అయినట్టే చూపించింది. కాని స్కానులను వరసగా చదివితే సందేహం పుడుతుంది. హైదరాబాదు గోదాముకు చేరిన స్కాను ఉంది. పంపిణీకి మనిషి తీసుకెళ్లిన స్కాను లేదు. నేరుగా రాత్రి 9.47కి ‘డెలివరీ అయింది’ అని పడింది. అందుకున్న వారి పేరు దగ్గర ‘సెల్ఫ్’ అని మాత్రమే ఉంది, సంతకం పెట్టె ఖాళీ. డెలివరీ నమోదు చేసిన శాఖ కొనుగోలుదారు ప్రాంతానికి చెందినది కాదు. పంపిణీకి బయలుదేరిన ఆనవాలు లేకుండా రాత్రి వేళ పడిన డెలివరీ స్కాను చాలాసార్లు రోజు లెక్క ముగించడానికి కొట్టినదై ఉంటుంది. పైగా మార్చి 6న కొనుగోలుదారు “రెండో చీర ఇంకా రాలేదు, ఎప్పుడొస్తుంది?” అని అడిగారు. దుకాణం నుంచి “డెలివరీ అయినట్టు చూపిస్తోందండీ” అన్న ఒక్క జవాబు వెళ్లింది. ఆ తర్వాత దుకాణం గాని కొరియర్ గాని ఆ విషయం పట్టించుకోలేదు.

ఇక్కడ యజమానికీ నాకూ ఒక పూట వాదన జరిగింది. ఫిబ్రవరి 19 వరకు ఉన్న సంభాషణను జత చేసి, మార్చి 6 సందేశాన్ని వదిలేద్దామని ఆయన అభిప్రాయం. “మన కేసు మనమే పాడు చేసుకోవడం ఎందుకు?” అన్నారు. నేను ఒప్పుకోలేదు. మొదటి కారణం, ఆ చీర నిజంగానే ఆమెకు చేరలేదని నాకు అనిపించింది. చేరని సరుకుకు సొమ్ము ఉంచుకోవడం న్యాయం కాదు. రెండో కారణం వ్యవహారానికి సంబంధించినది. ఆ సంభాషణ కొనుగోలుదారు ఫోనులో కూడా ఉంది. మనం కత్తిరించి పంపితే, ఆమె పూర్తిగా పంపితే, కత్తిరింపు బయటపడిన క్షణం నుంచి మన మొదటి పార్శిల్ రుజువును కూడా ఎవరూ నమ్మరు. చివరికి ఆయన “సరే, నువ్వు చెప్పినట్టే రాయి” అన్నారు. సంభాషణను మొదటి నుంచి చివరి దాకా తేదీలతో జత చేశాము.

దీని వల్ల మా జవాబు సగం ఒప్పుకోలు, సగం అభ్యంతరం అయింది. దావాను పూర్తిగా అంగీకరించడమో పూర్తిగా తిరస్కరించడమో కాక, కొంత మొత్తం వరకు మాత్రమే అభ్యంతరం చెప్పే వీలు ఉందని చాలామంది వ్యాపారులకు తెలియదు. గేట్‌వే డ్యాష్‌బోర్డులో మొత్తం రాసే గడిలో 31,200 బదులు 16,800 అని మార్చాలి. అలా మార్చకుండా ఉత్తరంలో మాత్రమే రాస్తే చదివే వారికి రెండు అంకెల్లో ఏది నిజమో తెలియదు. ఈ మాటకు అనుబంధంగా ఒక హెచ్చరిక చెప్పాలి. రెండో చీర సొమ్ము 14,400ను యజమాని ఆ రోజే కొనుగోలుదారు కార్డుకు విడిగా రీఫండ్ చేయబోయారు, నేను ఆపాను. ఛార్జ్‌బ్యాక్ ద్వారా ఆ సొమ్ము అప్పటికే దుకాణం ఖాతా నుంచి వెళ్లిపోయింది. మళ్లీ రీఫండ్ చేస్తే అదే సొమ్ము రెండుసార్లు పోతుంది, రెండోసారి పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. ఛార్జ్‌బ్యాక్ రాకముందే రీఫండ్ చేసి ఉంటే పరిస్థితి వేరు, అప్పుడు ఆ రీఫండ్ ఏఆర్ఎన్ నంబరే ఆ భాగానికి పూర్తి జవాబు.

తుది ఉత్తరం ఒక పేజీకి మించలేదు. మొదటి పేరాలో లావాదేవీ వివరాలు, 16,800 మీద అభ్యంతరం చెబుతున్నామనీ 14,400ను అంగీకరిస్తున్నామనీ స్పష్టమైన మాట. రెండో పేరాలో చెల్లింపు ఒకటైనా పార్శిళ్లు రెండు ఎందుకయ్యాయో, దానికి కొనుగోలుదారు ఎప్పుడు ఒప్పుకున్నారో. మూడో పేరాలో మొదటి పార్శిల్ ప్రయాణం తేదీల వరసలో: బుకింగ్, వాచ్‌మన్‌కు ఇవ్వమన్న సందేశం, డెలివరీ రుజువు, జాకెట్ ముక్క గురించిన సందేశం. ఒక్కొక్క వాక్యం చివర అది ఏ జతకాగితంలో ఏ పేజీలో ఉందో సంఖ్య వేశాము. జతచేసినవి బిల్లు, బుకింగ్ రసీదు, డెలివరీ రుజువు, సంభాషణ, ఈ నాలుగే. చీర బరువు, ప్యాకింగ్ ఫొటోలు పంపలేదు. పెట్టె ఖాళీగా వచ్చిందని గాని వేరే చీర వచ్చిందని గాని ఫిర్యాదు వచ్చి ఉంటే అవే మొదట పెట్టాల్సినవి. కొనుగోలుదారు ఉద్దేశాల గురించి ఒక్క మాట కూడా రాయలేదు. ఆమె మోసం చేశారని నేను అనుకోవడం లేదు. రెండు చీరల్లో ఒకటి రాక, దుకాణం సరిగా పలకక, విసిగిపోయి మొత్తం బిల్లు మీద ఫిర్యాదు చేసి ఉంటారు.

ఉత్తరం ఏప్రిల్ 25న పంపాము. గేట్‌వే ఒకసారి తిప్పి పంపి, డెలివరీ రుజువు ఫొటో మసకగా ఉందనీ పిన్‌కోడ్ చదవబడటం లేదనీ చెప్పింది. అదే రోజు కొరియర్ శాఖకు వెళ్లి మళ్లీ స్కాను చేయించి తెచ్చాము. గడువు చివరి రోజున పంపి ఉంటే దీనికి సమయం ఉండేది కాదు.

ఎక్వైరింగ్ బ్యాంకు జవాబు నెట్‌వర్కులోకి ఎక్కించినంత మాత్రాన సొమ్ము మనదైపోదు. కార్డు ఇచ్చిన బ్యాంకు మన ఆధారాలతో ఏకీభవించకపోతే వీసాలో 30 రోజుల్లోగా ప్రీ-ఆర్బిట్రేషన్ అనే తర్వాతి మెట్టు ఎక్కవచ్చు. అప్పుడు మన వైపు బ్యాంకు ఒప్పుకోవాలి, లేదా కాదంటే వివాదం ఆర్బిట్రేషన్‌కు, అంటే నెట్‌వర్కు తీర్పుకు వెళుతుంది. అక్కడ ఓడిన వారు కట్టవలసిన రుసుము ఇలాంటి ఒక చీర ధరను మించిపోతుంది. కనుక ప్రీ-ఆర్బిట్రేషన్ నోటీసు వస్తే కొత్తగా చెప్పడానికి ఏముందో, ఆర్బిట్రేషన్‌లో ఓడితే ఎంత పోతుందో లెక్క చూసుకోకుండా ముందుకు పోవద్దని యజమానికి ముందే చెప్పి ఉంచాను. మా కేసులో ఆ నోటీసు రాలేదు. 30 రోజులు గడిచే దాకా గేట్‌వే సొమ్ము తన దగ్గరే ఉంచి, జూన్ 2న 16,800 రూపాయలు దుకాణానికి జమ చేసింది.

14,400 రూపాయల చీర మీద కొరియర్ సంస్థకు నష్టపరిహారం దరఖాస్తు పెట్టాము. పంపిణీ స్కాను లేని ఆ ట్రాకింగ్ పేజీ, సంతకం లేని ఆ రుజువు కాగితం అందులో మొదటి జతకాగితాలు. బుకింగ్ సమయంలో చీర విలువ రసీదు మీద రాయించలేదు గనుక పూర్తి ధర రాదు, రసీదు వెనక అచ్చువేసిన పరిమితి వరకే వస్తుంది. ఇప్పుడు ఆ దుకాణంలో బుకింగ్ చేసే కుర్రవాడు ప్రతి రసీదు మీదా సరుకు విలువ రాయిస్తున్నాడు, కాపలాదారుకు ఇవ్వాలా వద్దా అన్నది పార్శిల్ బయలుదేరే ముందే కొనుగోలుదారును అడిగి, వచ్చిన జవాబును ఆర్డరు నంబరుతో దాస్తున్నాడు.